41 శాతం పోలిక వచ్చిందా? మాటలు మార్చకండి, ఎడిటర్‌కి చెప్పండి

[స్క్రీన్ మీద: ఐథెంటికేట్ రిపోర్ట్ మొదటి పేజీ. పైన పెద్ద అక్షరాల్లో 41%.]

కాన్ఫరెన్స్‌లో వచ్చిన మన పేపర్‌నే పెంచి జర్నల్‌కి పంపబోతున్నాం. పాత రాతలతో ఎంత కలుస్తోందో చూసే ఐథెంటికేట్‌లో వేస్తే 41 శాతం పోలిక వచ్చింది. ఈ 41 కనబడగానే చాలామంది ఏం చేస్తారంటే, పేపర్ తెరిచి మాటలు మార్చడం మొదలుపెడతారు. "ప్రతిపాదిస్తున్నాం" ఉన్నచోట "ప్రవేశపెడుతున్నాం" అని రాస్తారు. ఒక వాక్యాన్ని రెండు చేస్తారు, రెండిటిని కలిపి ఒకటి చేస్తారు. రెండ్రోజులు కూర్చుని 41ని 22కి దింపి, హమ్మయ్య అనుకుని జర్నల్‌కి పంపేస్తారు. కవర్ లెటర్‌లో మాత్రం ఎక్కడినుంచో తెచ్చిన వాక్యం అలాగే ఉంటుంది: "ఈ వ్యాసం ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు."

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కాన్ఫరెన్స్ ప్రొసీడింగ్స్‌లో అచ్చయింది కదండీ! ఆ 41 వల్ల రాని ఇబ్బంది ఈ ఒక్క వాక్యం వల్ల వస్తుంది.

ఇల్లు అనుకుందాం. కింద అంతస్తు ఎప్పుడో కట్టారు, ఇప్పుడు పైన ఇంకో అంతస్తు వేశారు. చూడ్డానికి ఇంజినీరు వచ్చాడు. కింద గోడలకి కొత్తగా సున్నం కొట్టి "ఇదంతా నిన్న కట్టిందే" అంటారా? గోటితో గీరితే పాత ఇటుక బయటపడుతుంది. "కింది అంతస్తు పాతది, దాని మీదే పైది నిలబడింది, ఇవిగో పాత ప్లాన్లు" అంటే ఆయన తిన్నగా మేడెక్కి పైది చూస్తాడు. కవర్ లెటర్ చేయాల్సిన పని అదే, ఎడిటర్‌ని మేడెక్కించడం.

ఇక ఆ 30 శాతం గోల. "కనీసం 30 శాతం కొత్తది ఉండాలి" అని చాలా జర్నల్స్ అడుగుతాయి. కంప్యూటర్ రంగపు సంఘం ఏసీఎం వాళ్లది చాలాకాలంగా 25 శాతం లెక్క. దీన్ని మనవాళ్లు తిరగేసి "సిమిలారిటీ 30 లోపు ఉండాలి" అని చదువుకుంటారు. ఆ రెండూ వేర్వేరు కొలతలు. మొదటిది కొత్త విషయం ఎంత అని అడుగుతుంది. రెండోది వరసగా కలిసిన మాటలు లెక్కపెడుతుంది, అంతే. నేపథ్యం పేరుతో ఆరు పేజీలు అదనంగా రాస్తే సిమిలారిటీ తగ్గుతుంది, కొత్త విషయం మాత్రం సున్నా. ఒక్క పేజీ రుజువు చేరిస్తే సిమిలారిటీ కదలకపోవచ్చు, పేపర్ విలువే మారిపోవచ్చు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. కాన్ఫరెన్స్ పేపర్ 6 పేజీలు. సెన్సర్ల నుంచి వచ్చే రీడింగుల్లో తేడాగా ఉన్నవాటిని పట్టుకునే పద్ధతి. జర్నల్ వెర్షన్ 14 పేజీలు. మొత్తం సిమిలారిటీ 41.

[స్క్రీన్ మీద: సోర్సుల వారీగా విడగొట్టిన పేజీ.]

ముందు ఈ పేజీకి రండి, పైన ఉన్న అంకెని వదిలేయండి. మన కాన్ఫరెన్స్ పేపర్ ఒక్కటే 29. మిగతా 12 అంతా రిఫరెన్స్ లిస్టు, అందరూ రాసే మామూలు వాక్యాలు. కాబట్టి సంజాయిషీ చెప్పాల్సింది ఆ 29కే.

అది ఎక్కడెక్కడ ఉంది? సెక్షన్ 2లో నిర్వచనాలు, సెక్షన్ 3లో అల్గారిథమ్, సెక్షన్ 5లో డేటాసెట్ల వర్ణన. ఇంకా, ఇంట్రడక్షన్‌లో రెండు పేరాలు. ఆ రెండు పేరాలు తప్పనిసరి కాదు, అది బద్ధకం. జర్నల్ పేపర్ చెప్పే సంగతే వేరయినప్పుడు పాత ఇంట్రడక్షన్ ఎందుకు? కొత్తగా రాయండి. 29 కాస్తా 23 అయింది అనుకుందాం. ఇక దాన్ని ముట్టుకోవద్దు.

ఎందుకంటే నిర్వచనాన్ని మార్చి రాస్తే ఏమవుతుందో చూడండి. వరస రీడింగుల్లో ఒకసారికి తీసుకుని చూసే ముక్కని విండో అంటాం. పాతదాంట్లో "విండోలో కనీసం 5 రీడింగులు ఉండాలి" అని ఉంది. సిమిలారిటీ తగ్గించాలని "5 కంటే ఎక్కువ రీడింగులు" అని మార్చారు. వినడానికి ఒకటే. కానీ సరిగ్గా 5 ఉన్న విండో మొదటిదాంట్లో పనికొస్తుంది, రెండోదాంట్లో పనికిరాదు. మీ రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని కోడ్ రాసేవాడికి ఇవి రెండు వేర్వేరు పద్ధతులు. సున్నం కొట్టబోయి గోడకి కన్నం పెట్టారన్నమాట.

ఇప్పుడు ఉత్తరం. రాసేది ఇంగ్లీషులోనే, విషయం నేను తెలుగులో చెప్తాను.

[స్క్రీన్ మీద, ఒక్కో పేరా వరసగా:]

"ఈ వ్యాసం మేము ఫలానా కాన్ఫరెన్స్‌లో, ఫలానా ఏడాది ప్రచురించిన 6 పేజీల పేపర్‌కి విస్తరణ. దాని శీర్షిక, డీఓఐ కింద ఇచ్చాం, కాపీ జతచేశాం. వ్యాసంలో దాన్ని 4వ రిఫరెన్స్‌గా పేర్కొన్నాం."

"సెక్షన్ 2లోని నిర్వచనాలు, అల్గారిథమ్ 1, సెక్షన్ 5.1లోని రెండు డేటాసెట్ల వర్ణన ఆ పేపర్‌లోవే. పద్ధతి మారలేదు కాబట్టి, పాఠకులకి గందరగోళం ఉండకూడదని పదజాలం అలాగే ఉంచాం. సిమిలారిటీ రిపోర్ట్‌లో పోలిక ప్రధానంగా ఈ భాగాల్లోనే కనిపిస్తుంది."

"కొత్తవి ఇవి: సెక్షన్ 4లో అల్గారిథమ్ ఆగుతుందన్న రుజువు, మరో మూడు డేటాసెట్ల మీద ఫలితాలు, రీడింగులు కొన్ని తప్పిపోయినప్పుడు పద్ధతి ఎక్కడ విఫలమవుతుందో చూపించే ప్రయోగం."

"గణనీయంగా విస్తరించాం" అన్న మాట ఇందులో ఎక్కడా లేదు, చూశారా? దాన్ని ఎడిటర్ ఎలా సరిచూసుకుంటాడు? సెక్షన్ 4 అంటే తెరిచి చూస్తాడు. శాతం చెప్పమని జర్నల్ అడిగితే చెప్పండి, దేన్ని లెక్కపెట్టారో కూడా రాయండి.

ఇంకో మాట, చాలామంది దాచేది. కోడ్‌లో తప్పు దిద్దాక పాత టేబుల్‌లోని 91.2 ఇప్పుడు 90.4 అయిందా? ఉత్తరంలోనూ రాయండి, వ్యాసంలోనూ రాయండి. రివ్యూయర్ పాత పేపర్ తీసి చూస్తే ఎలాగూ దొరుకుతుంది. కింది అంతస్తులో పగులు పూడ్చారని మీరే చెబితే ఆయన దాన్ని రిపేరు అంటాడు. తనే కనిపెడితే ఇంకేదో అంటాడు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

కాపీరైట్: కాన్ఫరెన్స్ ఒక ప్రచురణకర్తది, జర్నల్ ఇంకొకరిది అయితే పాత బొమ్మల్ని అలాగే వాడటానికి అనుమతి కావాలేమో మీరు సంతకం పెట్టిన ఒప్పందంలో చూడండి. పాత పేపర్‌ని ఉదహరించడం వేరు, అనుమతి వేరు.

రచయితల పేర్లు దాచే రివ్యూ అయితే డీఓఐ, కాపీ ఎడిటర్‌కి రాసే ఉత్తరంతోనే ఇవ్వండి. వ్యాసంలో "మా గత పేపర్" అనకుండా, వేరేవాళ్ల పని గురించి చెప్పినట్టు రాయండి. జర్నల్ నియమాల్లో ఇంకోలా ఉంటే అదే పాటించండి.

కాన్ఫరెన్స్ పేపర్ ఆమోదం పొంది ఇంకా అచ్చు కాలేదా? అయినా చెప్పాలి, ఆమోదించిన కాపీ పెట్టాలి. రచయితల జాబితా మారితే ఎవరు, ఎందుకు చేరారో ఒక్క వాక్యం.

చివరిది: ఉత్తరం చాలాసార్లు ఎడిటర్ దగ్గరే ఆగిపోతుంది. రివ్యూయర్‌కి, రేపు చదివేవాళ్లకి అది కనబడదు. అందుకని ఏది పాతదో ఏది కొత్తదో ఇంట్రడక్షన్‌లోనూ రెండు మూడు వాక్యాల్లో రాయండి.

[స్క్రీన్ మీద: ఉత్తరం పూర్తి పాఠం. పాజ్ చేసి చదువుకోండి.]