రేపు రాత్రి వంటగదిలో బొద్దింకల మందు

అందరికీ నమస్కారం. భోజనాల మధ్యలో ఐదు నిమిషాలు అడుగుతున్నాను. రేపు మంగళవారం రాత్రి 10:30కి మన గెస్ట్‌హౌస్ వంటగదికి పెస్ట్ కంట్రోల్ వాళ్లు వస్తున్నారు.

ముందుగా అతిథులకు. మీ గదుల్లో మందు కొట్టరు. వంటగది, గిన్నెలు తోమే చోటు, అక్కడి కాలువ, అంతే. రేపు భోజనం 9 గంటలకల్లా ముగించండి. పసిపిల్లల పాలకు వేడినీళ్లు కావాలంటే 9:30 లోపు ఫ్లాస్కులో పోయించుకోండి. ఆ తర్వాత ఉదయం 6:30 దాకా వంటగది తెరవం. ఆయాసం ఉన్నవాళ్లు, గర్భిణులు వంటగది పక్క గదుల్లో ఉంటే ఈ రాత్రే రిసెప్షన్‌లో చెప్పండి, పైఅంతస్తులో గది ఇస్తాం.

ఇక వంటవాళ్లకు. ఈసారి ఎక్కువగా వాడేది జెల్. తలుపుల బందుల్లో, ఫ్రిజ్ మోటారు వెనక, గట్టు కింది సందుల్లో ఆవగింజ కన్నా కాస్త పెద్ద చుక్కలు పెడతారు. బొద్దింక అది తిని సందులోకి పోయి చస్తుంది. దాని పెంటనీ, శవాన్నీ తిన్న మిగతావి కూడా చస్తాయి. అయితే స్టవ్ వెనక నూనె జిడ్డు, గట్టు కింద అన్నం మెతుకులు ఉంటే బొద్దింకలు అవే తింటాయి, జెల్ ముట్టవు. అందుకే రేపు 9:30 నుంచి స్టవ్‌లు జరిపి వెనక గోడ దాకా సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టాలి. చెత్తడబ్బా బయటికి పోవాలి.

స్ప్రే కాలువలోనూ గోడ అంచుల్లోనూ మాత్రమే కొడతారు. అయినా తుంపర ఎగురుతుంది. పోపుల డబ్బాలు, ఉప్పు, చింతపండు, అల్లంవెల్లుల్లి ముద్ద గట్టి మూతల డబ్బాల్లో స్టోర్‌లోకి పోవాలి. కడిగిన గిన్నెలు బోర్లించి, పైన ప్లాస్టిక్ షీటు కప్పండి. పేపరు కప్పితే తడి లోపలికి దిగుతుంది. గ్రైండర్‌కూ, కత్తిపీటకూ కూడా కప్పాలి. గ్యాస్ బండల దగ్గర రెగ్యులేటర్లు ఆపేయాలి.

నాకు బెంగ ఇడ్లీ పిండి గురించే. రాత్రంతా పులియాల్సిన పిండి, తోడు పెట్టిన పెరుగు వంటగదిలో ఉంచకూడదు. 10 గంటలకల్లా డైనింగ్ హాల్ మూలకు చేర్చండి. పిండి పొంగుతుంది కాబట్టి మూత బిగించొద్దు. సగం దాకే నింపిన పెద్ద గిన్నె మీద పళ్లెం వేసి, పైన తడి గుడ్డ కట్టండి.

ఉదయం 5కి వచ్చినవాళ్లు ముందు కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అరగంట తిప్పాలి. గట్లు, కూరలు తరిగే చెక్కలు సబ్బుతో కడిగాకే స్టవ్ వెలిగించాలి. కానీ సందుల్లోని జెల్ చుక్కలు తుడవొద్దు. వాటి దగ్గర ఫినాయిల్, డబ్బా స్ప్రే కొట్టొద్దు, ఆ వాసనకు బొద్దింకలు జెల్ ముట్టవు.

రెండు మూడు రోజులు పట్టపగలే బొద్దింకలు తూలుతూ బయటికొస్తే కంగారుపడకండి, మందు పనిచేస్తున్నట్టే. చీపురుతో ఎత్తి పారేసి, చేతులు కడుక్కోండి. గుడ్ల తిత్తిలోకి మందు దిగదు. ఒక్కో తిత్తిలో 30, 40 పిల్లలుంటాయి. అవి బయటికొచ్చే వేళకు, పదిహేను రోజుల తర్వాత, పెస్ట్ కంట్రోల్ వాళ్లు మళ్లీ వస్తారు. ఆ తేదీ నోటీసు బోర్డు మీద పెడతాను.