ప్రేమలేఖ చివరి వరుస: ‘మీ’ నుంచి ‘నీ’ వరకు

[తెరపై: చేతిరాత ఉత్తరంలోని చివరి పేజీ]

వ్యాఖ్యానం: ప్రేమలేఖల ముగింపులో సాన్నిహిత్యం ఎక్కడ వ్యక్తమవుతుందో తెలుసుకోవడానికి జర్మన్ భాష అనువైనది. అధికారిక ఉత్తరాన్ని నేడు ‘మిట్ ఫ్రాయింట్‌లిషెన్ గ్రూసెన్’, అంటే ‘స్నేహపూర్వక అభివాదాలతో’ అని ముగిస్తారు. పేరు చెప్పుకునే చోట గౌరవ ధోరణిలోనైతే ‘ఈర్’ (మీ) అని, ఆత్మీయులకైతే ‘డైన్’ (నీ) అని వేస్తారు. రాసేది స్త్రీ అయితే అది ‘డైనె’ అవుతుంది. ఇక్కడ లింగం సంతకం చేసేవారిది, ఉత్తరం అందుకునేవారిది కాదు. జర్మన్ కొత్తగా నేర్చుకునేవారు తరచుగా తడబడేది ఇక్కడే.

[తెరపై: పెన్సిల్‌తో రాసిన పాత కాగితం]

సంగీతకర్త బీథోవెన్ 1827లో మరణించిన తరువాత, ఆయన వస్తువులలో పేరు లేని ప్రేయసికి రాసిన ఉత్తరం ఒకటి దొరికింది. అందులో జులై 6, 7 తేదీలు ఉన్నాయి గాని సంవత్సరం లేదు. అది 1812 అని పరిశోధకులలో అత్యధికులు అంగీకరిస్తున్నారు. తన అత్యంత విశ్వాసపాత్రమైన హృదయాన్ని ఎన్నడూ అపార్థం చేసుకోవద్దని కోరి, ‘నీ ప్రియమైన ఎల్.’ అని ఆయన పేరులోని తొలి అక్షరం మాత్రమే వేశారు. మామూలుగా ఉత్తరం అక్కడితో ముగియాలి. కానీ సంతకం తరువాత మరో మూడు చిన్న వరుసలు ఉన్నాయి: ‘ఏవిగ్ డైన్, ఏవిగ్ మైన్, ఏవిగ్ ఉన్స్’. శాశ్వతంగా నీవాడిని, శాశ్వతంగా నాదానివి, శాశ్వతంగా మనం అని వాటి భావం. వ్యాకరణరీత్యా చూస్తే మూడవ వరుసలో ‘మనది’ అనే రూపం రావలసి ఉండగా, ఆయన ‘మనల్ని, మనకు’ అనే అర్థమిచ్చే రూపం వాడారు. దాన్ని సరిదిద్దితే వరుస చక్కబడుతుంది గాని, తొందరలో రాసిన ఆ ఊపు పోతుందని నా అభిప్రాయం.

[తెరపై: రెండు ఫ్రెంచి ముగింపులు పక్కపక్కన]

ఫ్రెంచిలో మర్యాద వాక్యమే పొడుగు. ‘నా విశిష్ట భావాలను స్వీకరించవలసిందిగా ప్రార్థిస్తున్నాను’ అన్న ధోరణిలో సాగే ఆ వాక్యంలో ‘భావాలు’ అన్న మాట ఉన్నా, అది కార్యాలయ ఉత్తరాలకే చెందుతుంది. ప్రేమికులు మాత్రం ‘జ తాంబ్రాస్’, అంటే ‘నిన్ను ముద్దాడుతున్నాను’ అని రెండు మాటలలో ముగిస్తారు. అందుకే 1796లో తనను ‘మీరు’ అని సంబోధించిన భార్య జోసెఫిన్‌పై నెపోలియన్ ఉత్తరంలోనే కోపగించుకున్నాడు.

తెలుగులో ఈ లెక్క అంత సూటిగా కుదరదు. ‘భవదీయుడు’ అన్నది కార్యాలయ ముగింపే అయినా, భర్తను జీవితాంతం ‘మీరు’ అని పిలిచే స్త్రీ ‘ఎప్పటికీ మీ’ అని రాసి కింద పేరు పెడితే అందులో దూరం ఏమీ ఉండదు. ఉత్తరమంతా ‘మీరు’ అని రాసి చివర ఒక్కసారిగా ‘నీదాన్ని’ అంటేనే చదివేవారికి ఎక్కడో అతుకు కనిపిస్తుంది.