దుబాయ్ బిల్లు, బరంపురం లెడ్జర్: ఎలిమినేషన్ తర్వాత కూడా మిగిలే 20,000

అందరికీ నమస్కారం అండీ. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు కంపెనీల్లో అకౌంట్స్ చూసే మనవాళ్ళ కోసం ఈ వీడియో. గ్రూపులోని రెండు కంపెనీల లెక్కలు కలిపేటప్పుడు వాటి మధ్య బాకీ సున్నా అయిపోవాలి. కానీ లాభంలో ఇంకో మొత్తం మిగులుతుంది. అది తప్పా, ఒప్పా? ఇవాళ అదే చూద్దాం.

బరంపురంలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఉందనుకోండి. అది పేరెంట్, పుస్తకాలు రూపాయల్లో. దుబాయ్‌లో దానికి పూర్తిగా సొంతమైన సబ్సిడియరీ ఉంది, దాని పుస్తకాలు దిర్హమ్‌లలో. ఫిబ్రవరి 10న విశాఖ పోర్టు నుంచి సరుకు వెళ్ళింది, బిల్లు 10,000 డాలర్లు. లెక్క తేలిగ్గా ఉండటానికి ఆ రోజు డాలర్ 84 రూపాయలు, మార్చి 31న 86 అనుకుందాం. డబ్బు ఇంకా రాలేదు.

బరంపురం లెడ్జర్‌లో బాకీ 8,40,000. దుబాయ్‌లో 36,725 దిర్హమ్‌లు, ఎందుకంటే దిర్హమ్‌ను డాలర్‌కు 3.6725 దగ్గర కట్టేశారు. అందుకే దుబాయ్ వాళ్ళకు ఈ బాకీ మీద రీవాల్యుయేషన్ తేడా రాదు. మనకు మాత్రం వస్తుంది.

ఇప్పుడు స్క్రీన్ చూడండి, ఇది ERPNext అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్. ఇక్కడ `Exchange Rate Revaluation` తెరిచి, తేదీ మార్చి 31 పెట్టి, `Get Entries` నొక్కుతున్నాను. మన డాలర్ బాకీ వచ్చింది. కొత్త రేటు 86 అని ఉందో లేదో కళ్ళారా చూసుకోండి. సబ్మిట్ చేసి జర్నల్ ఎంట్రీ తయారుచేస్తే బాకీ 8,60,000 అవుతుంది, 20,000 లాభం పడుతుంది.

ఇక్కడ చాలామందికి ఒక్క లైను కూడా రాదు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. బిల్లు డాలర్లలో వేశారు గానీ, కస్టమర్‌కి పెట్టిన డెటర్స్ అకౌంట్ కరెన్సీ రూపాయల్లోనే ఉంది. అప్పుడు సిస్టమ్ దాన్ని రూపాయి బాకీగానే చూస్తుంది. విదేశీ కస్టమర్‌కి డాలర్ కరెన్సీతో వేరే అకౌంట్ మొదటి బిల్లుకు ముందే తెరిచి పెట్టుకోండి. తర్వాత మార్చడం పెద్ద తలనొప్పి.

ఇక కన్సాలిడేషన్. దుబాయ్ బ్యాలెన్స్ షీట్‌ను మార్చి 31 రేటుతో రూపాయల్లోకి మారుస్తాం. 36,725 దిర్హమ్‌లు సరిగ్గా 8,60,000 అవుతాయి. రెండు వైపులా అంకె కలిసింది కాబట్టి బాకీ పూర్తిగా కొట్టేయవచ్చు. రీవాల్యుయేషన్ మర్చిపోతే ఇక్కడే 20,000 తేడా కనిపిస్తుంది. అలా కనిపిస్తే సస్పెన్స్‌లో పడేయకుండా వెనక్కి వెళ్ళి రీవాల్యుయేషన్ రన్ చేయండి.

మరి ఆ 20,000 లాభాన్ని కూడా ఎలిమినేట్ చేయాలా? వద్దు. బాకీ మన ఇంట్లోదే అయినా, రూపాయి పడిపోవడం వల్ల వచ్చిన లాభం గ్రూపుకి నిజంగా వచ్చినదే. ఇండ్ ఏఎస్ 21లో 45వ పేరా చెప్పేది ఇదే: ఆ తేడా కన్సాలిడేటెడ్ లాభనష్టాల్లోనే ఉంటుంది. మినహాయింపు ఒకటుంది. దగ్గర్లో తిరిగి వసూలు చేసే ఉద్దేశం లేని, పెట్టుబడి లాంటి అప్పు అయితే ఆ తేడా లాభంలోకి కాకుండా ఓసీఐలోకి వెళ్తుంది. సరుకు బిల్లుకి అది వర్తించదు.

ఇప్పుడు అమ్మకాలు. ఆ జీడిపప్పు మనకు పడిన ఖర్చు 6,30,000, అంటే లాభం 2,10,000. మార్చి 31 నాటికి దుబాయ్ సగమే అమ్మింది, మిగతా సగం గోడౌన్‌లో ఉంది. కాబట్టి 1,05,000 లాభం ఇంకా బయటివాళ్ళ దగ్గర నుంచి రాలేదు. ఎంట్రీ ఇలా వేయండి: సేల్స్ డెబిట్ 8,40,000, కాస్ట్ ఆఫ్ గూడ్స్ సోల్డ్ క్రెడిట్ 7,35,000, స్టాక్ క్రెడిట్ 1,05,000. ఆ 7,35,000 ఎలా వచ్చిందంటే, బరంపురం పుస్తకాల్లో కాస్ట్ 6,30,000, దుబాయ్ పుస్తకాల్లో అమ్మిన సగానికి 4,20,000, రెండూ కలిపి మొత్తం 10,50,000 ఉంది. గ్రూపు దృష్టిలో అమ్ముడైన సరుకు అసలు ఖర్చు 3,15,000 మాత్రమే. ఇక్కడ దుబాయ్ కాస్ట్‌ను బిల్లు తేదీ రేటుకే తీసుకున్నాం. ఏడాది సగటు రేటు వాడితే అంకెలు కలవవు, ఆ తేడా విడిగా చూసుకోవాలి.

ఈ ఎంట్రీలను బరంపురం పుస్తకాల్లోనో దుబాయ్ పుస్తకాల్లోనో వేయకండి, వాటి సొంత లెక్కలు పాడవుతాయి. గ్రూపు కింద ఎలిమినేషన్ కోసం ఇంకో కంపెనీ తెరవండి. అందులో స్టాక్ రకం అకౌంట్‌లో నేరుగా జర్నల్ వేయనివ్వదు కాబట్టి, కరెంట్ అసెట్స్ కింద మామూలు అకౌంట్ ఒకటి పెట్టుకోండి. ఇలా వేరే కంపెనీలో ఉంటే ఆ 1,05,000 వచ్చే ఏడాదికి తనంతట తానే తరలి వస్తుంది. దుబాయ్ ఆ సరుకు అమ్మిన నెలలో స్టాక్ డెబిట్, కాస్ట్ క్రెడిట్ వేస్తే లాభం అప్పుడు గ్రూపు లెక్కలోకి వస్తుంది.