విజిల్ ఊదని ఆ రెండు మూడు సెకన్లు

అందరికీ నమస్కారం. కొత్తగా విజిల్ పట్టిన మీకు ఫౌల్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఫౌల్ కళ్ల ముందే జరిగాక కూడా విజిల్ ఊదకుండా ఆగే ఆ రెండు మూడు సెకన్ల గురించే ఈ పూట మాట్లాడతాను.

ఫుట్‌బాల్ నిబంధనల్లో ఐదోది రిఫరీ గురించి. ఆట సాగితేనే ఫౌల్‌కు గురైన జట్టుకు మేలు అనుకుంటే ఆపొద్దు అంటుందది. ఆశించిన మేలు అప్పటికప్పుడు గానీ, కొన్ని సెకన్లలో గానీ దక్కకపోతే వెనక్కి వచ్చి ఫౌల్ ఇవ్వమంటుంది. కొన్ని అంటే ఎన్నో చెప్పదు. ఇలా ఆట సాగనివ్వడమే అడ్వాంటేజ్. రగ్బీలో అది చాలాసేపు సాగుతుంది. మన ఆటలో అంత వ్యవధి లేదు.

ఒక సందర్భం చూద్దాం. గోల్‌కి 25 మీటర్ల దూరంలో, మైదానం నడిమధ్య, బంతితో దూసుకెళ్తున్న ఎనిమిదో నంబర్ ఆటగాడిని డిఫెండర్ కాలు అడ్డుపెట్టి పడేశాడు. బంతి దొర్లుకుంటూ కుడివైపు ఉన్న వింగర్ దగ్గరికి వెళ్లింది. మీరు వెంటనే చేతులు చాచి "అడ్వాంటేజ్" అని అరిచేస్తారు. తొందరపడ్డారు. బంతి సొంతవాడి దగ్గర ఉన్నంత మాత్రాన అది అడ్వాంటేజ్ కాదు. వింగర్ ముందు ఖాళీ ఉందా, అతను గోల్ వైపు తిరిగి ఉన్నాడా, డిఫెండర్లు ఎంతమంది ఉన్నారు అన్నవి చూడాలి. అక్కడి నుంచి ఫ్రీకిక్ అంటే నేరుగా గోల్‌కి కొట్టే దూరం. దాన్ని వదులుకునేంత మంచి అవకాశం చేతికి వచ్చిందా అన్నదే అసలు లెక్క.

వింగర్ బంతిని అందుకునేసరికి టచ్‌లైన్ పక్కన ఇద్దరు డిఫెండర్లు చుట్టుముట్టారు, వెనక్కి తిరగాల్సి వచ్చింది, బంతి పోయింది అనుకోండి. మేలు దక్కలేదు కాబట్టి విజిల్ ఊది, బంతిని ఫౌల్ జరిగిన చోటికే తేవాలి. చేతులు చాచేశాం కదా, ఇప్పుడెలా అని మొహమాటపడకండి. సైగ చేశాక కూడా వెనక్కి రావచ్చు.

అదే వింగర్‌కి దారి దొరికి, లోపలికి వచ్చి, ఎవరూ అడ్డులేకుండా కొట్టిన షాట్ పోస్ట్ పక్కనుంచి బయటికి పోయిందనుకోండి. అప్పుడు గోల్‌కిక్కే. ఆ జట్టు మీ చుట్టూ చేరి ఫ్రీకిక్ అడుగుతుంది, ఇవ్వకండి. మేలు అంటే అవకాశం, గోల్ కాదు. అవకాశం దక్కింది, వాడుకోవడం చేతకాలేదు. రెండోసారి ఇస్తే ఒక ఫౌల్‌కి రెండు బహుమతులు ఇచ్చినట్టే.

పెనాల్టీ ఏరియాలో లెక్క మారుతుంది. పెనాల్టీల్లో నాలుగింట మూడు వరకు గోల్ అవుతాయి. దాన్ని కాదని ఆట సాగనివ్వాలంటే బంతి దాదాపు ఖాళీ గోల్ ముందు ఉండాలి. నేను మొదట్లో ఇందుకు ఉల్టా తప్పు చేశాను. ఫార్వర్డ్ పడిపోగానే పెనాల్టీ ఊదేశాను. నా విజిల్ ఇంకా నోట్లో ఉండగానే, వెనక నుంచి వచ్చిన అతని సహచరుడు బంతిని నెట్‌లోకి తోసేశాడు. విజిల్ మోగాక గోల్ ఇవ్వడానికి లేదు. పెనాల్టీని కీపర్ ఆపేశాడు. ఆ రోజు నుంచి పరిగెడుతున్నంతసేపూ విజిల్ నా చేతిలోనే ఉంటుంది, నోట్లో కాదు. చేతి నుంచి నోటికి తెచ్చే ఆ క్షణంలోనే చాలాసార్లు బంతి ఎటు పోతుందో తెలిసిపోతుంది.

కొన్ని ఫౌల్స్‌కి అసలు ఎదురుచూడకూడదు. బూటు స్టడ్స్‌తో మోకాలి మీదకి వెళ్లిన ట్యాకిల్, దెబ్బలాట లాంటివాటికి, రెండో యెల్లో పడే ఫౌల్‌కి కూడా వెంటనే ఆపండి. ఎదురుగా స్పష్టమైన గోల్ అవకాశం ఉంటే తప్ప. దెబ్బతిన్నవాడి స్నేహితుడు పగ తీర్చుకోవడానికి అంతసేపు ఆగడు. మ్యాచ్ అప్పటికే వేడెక్కి ఉంటే చిన్న ఫౌల్‌కి కూడా ఊదడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక కార్డు సంగతి. ఆట సాగనిచ్చారని కార్డు మాఫీ కాదు. నిర్లక్ష్యంగా కాలు విసిరినవాడికి బంతి ఆగగానే యెల్లో చూపించాల్సిందే. కానీ మన ఎనిమిదో నంబర్‌ని పడేసిన డిఫెండర్ తప్పు మంచి దాడిని ఆపడం మాత్రమే అయితే, మీరు అడ్వాంటేజ్ ఇచ్చారు, దాడి ఆగలేదు, కాబట్టి అతనికి యెల్లో లేదు. ఏదైనా సరే, అతని నంబర్ మనసులో పెట్టుకోండి. ఒక్కోసారి బంతి రెండు నిమిషాల దాకా బయటికి వెళ్లదు. ఈలోగా మర్చిపోయి పక్కవాడికి కార్డు చూపించినవాళ్లు ఉన్నారు. నేనైతే ఆ నంబర్‌ని నోట్లోనే అనుకుంటూ పరిగెడతాను.