రామప్ప గుడిని కొలవాలంటే: ఫోటోలా, లేజరా?

నమస్తే అండీ. ఈ వీడియోకి పాలంపేట రామప్ప గుడిని ఉదాహరణగా తీసుకుందాం. 1213 నాటి కాకతీయుల గుడి. బయటి గోడ అడుగున చుట్టూ ఏనుగులు బారుగా నడుస్తుంటాయి, చూశారా? అది ఎర్ర ఇసుకరాయి. ఇలాంటి రాయి ఎండకీ వానకీ పెచ్చులుగా ఊడుతుంది. లోపలేమో మండపం నేల కుంగింది. ఈ రెండు దెబ్బల్నీ కొలిచే తీరు వేరు.

ముందు ఏనుగు దగ్గరికి వద్దాం. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 35 ఎంఎం లెన్స్ పెట్టి 2 మీటర్ల నుంచి తీస్తే, ఒక్కో పిక్సెల్ రాయి మీద 0.34 మిల్లీమీటర్లకి సమానం. ఫోటోలో 2 మీటర్ల గోడ పడుతుంది. 60 సెంటీమీటర్లు జరిగి మళ్లీ తీస్తే, పక్క ఫోటోతో 70 శాతం కలుస్తుంది. వీటిని జతచేసి 3డీ మోడల్ కట్టడమే ఫోటోగ్రామెట్రీ. తొండం మీద పెచ్చు లేచిన అంచు కూడా తెలుస్తుంది. అదే 10 మీటర్ల దూరంలో స్టాండు మీద పెట్టిన లేజర్ స్కానర్‌లో ఒక్కో పాయింట్ 2, 3 మిల్లీమీటర్లు అటూఇటూ ఉంటుంది. పెచ్చు మందమే అంత ఉంటే, వచ్చే ఏడాది అది ఊడినా స్కాన్‌లో తేల్చి చెప్పలేం.

మరి ఫోటోలు చాలా? ఇక్కడే జాగ్రత్త. గోడ పొడుగునా కెమెరాని ఒకే దిక్కుకి పట్టుకుని తీస్తే, సాఫ్ట్‌వేర్ వేసే లెన్స్ లెక్క కొంచెం తప్పి, తిన్నని గోడ మోడల్‌లో విల్లులా వంగుతుంది. గోడ ఉబ్బిందని రిపోర్టు రాసేస్తాం! మీటరు స్కేల్ బార్ ఈ వంపుని పట్టదు, ఎందుకంటే మీటరు లోపల అంతా సరిగ్గానే ఉంటుంది. అందుకే కొన్ని ఫోటోలు ఏటవాలుగా, కొన్ని కెమెరాని నిలువుగా తిప్పి తీయండి. గోడ మీద అంటించకుండా, పక్కన స్టాండ్ల మీద టార్గెట్లు పెట్టి, వాటినే లేజర్‌తో కూడా కొలవండి. రెండు లెక్కలూ కలవకపోతే తప్పు ఎక్కడుందో తెలిసిపోతుంది.

నేల కుంగుకి మాత్రం లేజరే. దూరాన్ని నేరుగా కొలుస్తుంది, చీకటి మండపంలోనూ పనిచేస్తుంది. నున్నగా మెరిసే నల్లరాతి మదనికల దగ్గర మాత్రం రెండూ తడబడతాయి. మెరుపు కెమెరాతోపాటు కదులుతుంది, లేజర్ కిరణమేమో సరిగ్గా తిరిగిరాదు. అక్కడ ఫ్లాష్‌కీ లెన్స్‌కీ పోలరైజర్లు ఒకదానికొకటి అడ్డంగా తిప్పి పెడితే మెరుపు చాలావరకు తగ్గుతుంది.

ఇక స్టోరేజ్. 30 ఎంబీ చొప్పున 1000 రా ఫోటోలు 30 జీబీ. 4 కోట్ల పాయింట్ల స్కాన్ ఒకటి సుమారు 800 ఎంబీ అనుకుంటే, 40 స్కాన్లు 32 జీబీ. దాదాపు సమానమే. అసలు బరువు ఫోటోల ప్రాసెసింగ్‌లో పుట్టే మధ్య ఫైళ్లది. వాటిని చెరిపేయొచ్చు, రా ఫోటోలుంటే మళ్లీ పుడతాయి. రా ఫోటోలు, E57లో స్కాన్లు, టార్గెట్ల కొలతలు మాత్రం మూడు కాపీలు ఉంచండి. ఒకటి వేరే ఊళ్లో. ఫైళ్లు పాడవలేదని చూసుకోవడానికి, వాటన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, అక్కడ లినక్స్ టెర్మినల్‌లో ఈ కమాండ్లు ఇవ్వండి:

```
sha256sum * > list.txt
sha256sum -c list.txt
```

మొదటిది ఈరోజు ఇచ్చి, list.txtని మూడు కాపీల్లోనూ పెట్టండి. రెండోది ప్రతి ఏడాదీ, మూడు కాపీల మీదా. ఏ ఫైలు ఎదుటైనా FAILED అని వస్తే, బాగున్న కాపీ నుంచి ఆరోజే మళ్లీ తెచ్చుకోండి.