లోగో పెట్టెలకు కనీస ఆర్డర్ ఎంత, గడువు ఎంత?

"దీపావళికి మా ఆఫీసుకు 300 మిఠాయి పెట్టెలు కావాలండీ, పైన మా కంపెనీ లోగో ఉండాలి. అసలు మీ దగ్గర కనీసం ఎన్ని తీసుకోవాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి?" మాదాపూర్ నుంచి ఒకావిడ ఫోనులో అడిగిన మాట ఇది.

అమ్మా, లోగో అచ్చు వేసిన పెట్టె అయితే కనీసం 200, పదిహేను పనిదినాల గడువు. మా మామూలు పెట్టెకు మీ పేరున్న కాగితపు పట్టీ చుట్టి ఇమ్మంటే కనీసం 50, ఏడు పనిదినాలు. ఏ అచ్చూ లేకుండా అయితే 25 పెట్టెలు, నాలుగు పనిదినాలు చాలు. ఈ రోజులు మీరు ఫోను చేసిన నాటి నుంచి కాదు, నమూనా చూసి సరేనని సంతకం చేసి, సగం డబ్బు అడ్వాన్సు ఇచ్చిన మరుసటి రోజు నుంచి లెక్క.

నమస్కారమండీ. హైదరాబాద్‌లో మా మిఠాయి కొట్టు నుంచి మాట్లాడుతున్నాను. పదిహేను రోజులు అనగానే అవతలి వాళ్లు, "మీరు స్వీట్లు అంత మెల్లగా చేస్తారా?" అని నవ్వుతారు. స్వీట్లు మూడు రోజుల పని. మిగతాదంతా అట్టపెట్టె తినేస్తుంది. ప్రెస్సులో ప్లేటు చేయించాలి, అచ్చు వేయించాలి, లామినేషన్ ఆరాలి, డై మీద కోయాలి, మడిచి అతికించాలి. వంద పెట్టెలకైనా వెయ్యి పెట్టెలకైనా ప్లేటు ఖర్చు, డై ఖర్చు ఒకటే. యాభై పెట్టెలకు ఆ ఖర్చు పంచితే స్వీటు కన్నా అట్టకే ఎక్కువ డబ్బు పెట్టినట్టవుతుంది. 200 అనే అంకె అక్కడి నుంచి వచ్చింది, మా గొప్ప కోసం పెట్టింది కాదు.

ఆవిడ 300 పెట్టెలనే తీసుకుని లెక్క చూద్దాం. ఈ 2026లో దీపావళి నవంబర్ 8, ఆదివారం. ఊళ్లకు వెళ్లేవాళ్లు శుక్రవారం మధ్యాహ్నానికే బ్యాగు సర్దేస్తారు కాబట్టి, పెట్టెలు నవంబర్ 5 గురువారం పొద్దున ఆఫీసులో ఉండాలి. నవంబర్ 2న స్వీట్ల తయారీ, 3, 4 తేదీల్లో ప్యాకింగ్. అంటే ఖాళీ పెట్టెలు అక్టోబర్ 31 నాటికి మా గోదాములో ఉండాలి. ప్రెస్సు పని పది రోజులు. మధ్యలో అక్టోబర్ 20న దసరా వస్తుంది. ఆయుధ పూజ చేసి మిషన్లకు బొట్టు పెట్టి, ప్రెస్సు వాళ్లు పండుగకు ముందొక రోజు, తరువాతొక రోజు కలిపి మూడు రోజులు తాళం వేస్తారు. ఆదివారాలు తీసేయండి. వెనక్కి లెక్కపెడుతూ వెళ్తే మీ సంతకం అక్టోబర్ 15న పడాలి. "దసరా అయ్యాక మాట్లాడదాం" అన్నవాళ్లకు ప్రతిసారీ పట్టీ పెట్టెలే దక్కుతాయి.

నమూనా ఫోనులో చూసి సరే అనకండి. రెండేళ్ల క్రితం ఒక కంపెనీ అలాగే ఒప్పుకుంది. ఫోను తెర మీద ముదురు నీలంగా కనిపించిన లోగో అట్ట మీద వంకాయ రంగులో దిగింది. తప్పు వాళ్లదా, ప్రెస్సుదా, నాదా అని వాదించుకునే టైము కూడా లేదు. రాత్రికి రాత్రి నీలం పట్టీలు చేయించి ఆ లోగో మీద కప్పి పంపాను, ఖర్చు నేనే భరించాను. అప్పటి నుంచి అట్ట మీద తీసిన నమూనానే మీ ఆఫీసుకు పంపుతున్నాను. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర పెట్టుకుని చూసి సంతకం చేయండి.

ఇక లోపల ఏముంటుంది? ఆవిడ కలాకండ్ అడిగారు. ఇవ్వనన్నాను. ఆఫీసు పెట్టె కొట్టులో కొన్న పెట్టెలాంటిది కాదు. రిసెప్షన్‌లో ఒక రోజు, బల్ల కింద ఒక రోజు, తరువాత ఊరికి వెళ్లే బస్సులో ఒక రాత్రి. పాలకోవాతో చేసినవి ఆ ప్రయాణానికి తట్టుకోవు. కాజు కత్లీ, సున్నుండలు తట్టుకుంటాయి. అర కిలో పెట్టెలో పావు కిలో కత్లీ, పావు కిలో సున్నుండలు అని తేల్చుకున్నాం. ఒక మాట, ఈ అర కిలో మిఠాయి బరువు మాత్రమే, అట్ట బరువు అందులో కలవదు. ఎవరి దగ్గర కొన్నా, ఖాళీ పెట్టెను తూకం మీద పెట్టించి చూసుకోండి.

300 పెట్టెలకు 75 కిలోల కత్లీ కావాలి. కిలో జీడిపప్పుకు అర కిలో పంచదార చొప్పున, 50 కిలోల పప్పు. పండుగ దగ్గరపడేకొద్దీ బేగంబజార్‌లో దాని ధర ఎక్కుతుంది, మీ అడ్వాన్సు నేరుగా అక్కడికే వెళ్తుంది. పప్పును మిషన్‌లో ఆపకుండా తిప్పితే వేడెక్కి నూనె వదులుతుంది. ఆ పొడితో చేసిన కత్లీ పట్టుకుంటే వేళ్లకు జిడ్డు అంటుతుంది, విరిస్తే రవ్వలా రాలుతుంది. అందుకే కొద్దికొద్దిగా తిప్పి, జల్లించి, తీగపాకంలో కలుపుతాం. సున్నుండలైతే పెట్టెకు ఎనిమిది, మొత్తం 2,400. ఒక్కొక్కటీ చేత్తో కట్టవలసిందే, ఆ పిండి చల్లారిపోతే ఉండ కుదరదు.

చేసినవి చేసినట్టు పెట్టెలో పెట్టేస్తే ఏమవుతుందో చాలామందికి తెలియదు. లోపలి వేడి మూత కింద ఆవిరిగా మారి, చుక్కలు కట్టి మళ్లీ స్వీటు మీదే పడుతుంది. రెండు మూడు రోజులకు బూజు. రాత్రంతా పళ్లేల్లో ఆరనిచ్చి, పొద్దున ముట్టుకుంటే చల్లగా తగిలితేనే ప్యాకింగ్ మొదలుపెడతాం. ఆ ఒక్క రాత్రిని తగ్గించమని మాత్రం అడగకండి. కారం మిక్చర్ కూడా కావాలంటే విడిగా సీలు వేసిన పొట్లంలోనే ఇస్తాం, లేకపోతే స్వీటులోని చెమ్మను పీల్చి మిక్చర్ మెత్తబడుతుంది.

చివరి చిక్కు గేటు దగ్గర. కిందటేడు ఒక ఆఫీసు సముదాయం బయట మా వ్యాను రెండు గంటలు ఎండలో నిలబడింది. లోపలికి రానిచ్చే పాసు ఎవరూ చెప్పి ఉంచలేదు. సున్నుండల్లోని నెయ్యి కరిగి కింది వరస పెట్టెలకు మరకలు పడ్డాయి. నలభై పెట్టెలు వెనక్కి తెచ్చి మార్చాను. కాబట్టి వ్యాను నంబరు మేము ముందు రోజు పంపుతాం, పాసు మీరు సిద్ధం చేయించాలి. ఏ అంతస్తుకు ఎన్ని పెట్టెలో రాసిచ్చారంటే విడివిడి కట్టలుగా తెస్తాం.

జీఎస్‌టీ బిల్లు ఇస్తాం, పన్ను 5 శాతం. పెట్టె మీద తయారీ తేదీ, ఎప్పటిలోగా తినాలో, మా లైసెన్సు నంబరు అచ్చు వేసి ఉంటాయి. ఆ చోటులోకి లోగోను జరపడం కుదరదు, డిజైన్ చేసేవాళ్లకు ముందే చెప్పండి.

నవంబర్ 5 డెలివరీకి లోగో పెట్టెల ఆర్డర్లు అక్టోబర్ 15 సాయంత్రం ఆరు గంటల వరకు, పట్టీ పెట్టెలకు 28 వరకు, మామూలు పెట్టెలకు 31 వరకు తీసుకుంటాం. మాదాపూర్ ఆవిడ నమూనా మీద మొన్ననే సంతకం చేసి పంపారు, లోగోను కాస్త పెద్దది చేయమంటూ అంచున పెన్సిల్‌తో గీత గీసి మరీ.