మామిడి కుల్ఫీలో ఐసు ముక్కలు ఎందుకొస్తాయి?

నమస్కారమండీ. పోయిన వేసవిలో నేను చేసిన మామిడి కుల్ఫీ మా మనవడు ఒక్కసారి కొరికి, "అమ్మమ్మా, ఇది కరకరమంటోందేంటి?" అన్నాడు. పాలు గంటసేపు మరిగించాను, చక్కెర తక్కువేం వెయ్యలేదు, అయినా నోట్లో ఇసుకలా తగిలింది. తప్పు పాలది కాదండీ, మామిడిపండుది. పాలల్లో నీళ్లు ఇగరబెట్టాలని అందరికీ తెలుసు, మామిడి గుజ్జులోనూ బోలెడు నీళ్లుంటాయన్న సంగతే మర్చిపోతాం. ఆ నీళ్లే ఫ్రీజర్లో గడ్డకట్టి పలుకులవుతాయి.

అందుకని ఈసారి గుజ్జు కూడా ఇగరబెట్టాను. రెండు పెద్ద బంగినపల్లి పండ్లు తీసుకుని, గుజ్జు మిక్సీలో వేసి, నాలుగు చెంచాల చక్కెర కలిపి, మందపాటి మూకుట్లో సన్నని సెగ మీద పెట్టాను. రసాలైతే పీచు ఉంటుంది కాబట్టి ముందే వడకట్టుకోండి. పావుగంటకి గుజ్జు మూడో వంతు తగ్గుతుంది, రంగు ముదురుతుంది. గరిటెతో అడుగున ఒక గీత గీస్తే, అది వెంటనే మూసుకుపోకుండా ఒక క్షణం నిలబడాలి. అప్పుడే దింపాలి. మరీ ఎక్కువసేపు ఉంచారో, తాజా పండు వాసన పోయి జామ్ రుచి వచ్చేస్తుంది.

పక్క పొయ్యి మీద లీటరు గేదె పాలు. సగానికంటే తక్కువ అయ్యేదాకా మరగాలి, అంచుల్లో కట్టిన మీగడ గీరి మళ్లీ పాలల్లోకే తొయ్యాలి. ఇంకో నాలుగు చెంచాల చక్కెర ఇందులో. చక్కెర తగ్గిద్దాం, షుగర్ ఉంది కదా అంటారు కొందరు. తగ్గిస్తే కుల్ఫీ రాయిలా బిగుస్తుంది, ఎందుకంటే నీళ్లన్నీ గడ్డకట్టకుండా ఆపేది ఆ చక్కెరే. అలాగని మరీ ఎక్కువేస్తే అసలు గట్టిపడదు. షుగరున్నవాళ్లు చిన్న ముక్క తినడం మేలని నా అభిప్రాయం.

ఇక రెండూ బాగా చల్లారాకే కలపాలి, చల్లారాకే. వేడి పాలల్లో మామిడి పులుపు పడితే విరిగిపోతాయి. కలిపింది మూత పెట్టి మూడు నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాత చిన్న స్టీలు గ్లాసుల్లో పోసి ఫ్రీజర్లో పెట్టండి. పెద్ద డబ్బాలో పోస్తే మధ్యభాగం నెమ్మదిగా గడ్డకడుతుంది, నెమ్మదిగా కట్టిన గడ్డకి పలుకులు పెద్దవి. గ్లాసు మూతికి ప్లాస్టిక్ కాగితం కుల్ఫీకి ఆనేలా కప్పండి, లేదంటే పైన మంచు పేరుకుంటుంది.

అయిందా లేదా అని గంటకోసారి ఫ్రీజర్ తలుపు తీసి చూడకండి, నేనూ అదే పని చేసేదాన్ని. కొంచెం కరిగి మళ్లీ బిగిసినప్పుడల్లా పలుకులు పెరుగుతాయి. రాత్రి పెడితే పొద్దున్నే తియ్యండి. గ్లాసుని రెండు అరచేతుల మధ్య కాసేపు రుద్దితే చాలు, జారి పళ్లెంలో పడుతుంది. మొన్న మా వాడు రెండోది అడిగాడు.